పదో రోజు లెక్క ఎక్కడి నుంచి? అస్థికలు పారే నీటిలోనే ఎందుకు?

క్లుప్తంగా: హిందూ అంత్యక్రియల్లో మూడు పనులు పక్కపక్కనే జరుగుతాయి. శరీరాన్ని అగ్నికి ఇవ్వడం, మిగిలిన ఎముకలను నీటికి ఇవ్వడం, చనిపోయిన వ్యక్తిని ప్రేతస్థితి నుంచి పితృదేవతల్లోకి చేర్చడం. ఈ మూడింటికీ లెక్కలు వేరు. వాటిని ఒకే లెక్కగా చూడటం వల్లే చాలా ఇళ్లలో తికమక వస్తోంది. అస్థికలను నదిలో కలపడం కూడా మొదటి నుంచీ ఉన్న పద్ధతి కాదు. వేదకాలపు గృహ్యసూత్రాలు వాటిని భూమిలో పెట్టమన్నాయి.

తెలుగు ఇళ్లలో ఇప్పుడు తరచూ ఎదురయ్యే పరిస్థితి ఒకటుంది. తండ్రి బుధవారం రాత్రి పోయారు. పెద్దకొడుకు అమెరికా నుంచి రావాలి. శరీరాన్ని ఫ్రీజర్ బాక్సులో ఉంచారు. శుక్రవారం పొద్దున కొడుకు దిగాడు, మధ్యాహ్నం దహనం జరిగింది. ఇప్పుడు పదో రోజు ఎప్పుడు? బుధవారం నుంచి లెక్కిస్తే వచ్చే శుక్రవారం. దహనం నుంచి లెక్కిస్తే దాని తర్వాతి ఆదివారం. కార్డులు వేయించాలి, వంటవాళ్లకు చెప్పాలి, కొడుకు తిరుగు టికెట్ తీసుకోవాలి. రెండు రోజుల తేడాతో ఇల్లంతా టెన్షన్. అస్థికలు ఎప్పుడు ఎక్కడ కలపాలన్నది దాని వెనకే వచ్చే ప్రశ్న. ఈ ఉదాహరణను పట్టుకునే వెళితే మిగతా విషయాలు తేలిగ్గా అర్థమవుతాయి.

పాడె నుంచి చితి దాకా

ప్రాణం పోయాక శరీరానికి స్నానం చేయించి, కొత్త బట్ట కప్పి, వెదురు పాడె మీద పడుకోబెడతారు. కర్మ చేసే వ్యక్తిని కర్త అంటారు. తండ్రికి పెద్దకొడుకు, తల్లికి చిన్నకొడుకు కర్త కావాలని చాలా కుటుంబాల్లో ఆచారం. కొడుకులు లేనప్పుడు భార్య, కూతురు, కూతురి కొడుకు, అన్నదమ్ముల పిల్లలు చేయవచ్చని ధర్మశాస్త్ర గ్రంథాలే వరుస చెబుతాయి. కూతుళ్లు తలకొరివి పెట్టడం ఈమధ్య పత్రికల్లో వింతగా వస్తోంది కానీ, శాస్త్రం ఆ దారిని పూర్తిగా మూసేయలేదు.

కర్త నిప్పుకుండ పట్టుకుని ముందు నడుస్తాడు. దారి మధ్యలో పాడెను ఒకసారి దించుతారు. దింపుడు కళ్లం అంటే ఇదే. అక్కడ దగ్గరివాళ్లు చనిపోయిన మనిషి చెవిలో పేరుపెట్టి మూడుసార్లు పిలుస్తారు. డాక్టరు సర్టిఫికెట్లు లేని రోజుల్లో ప్రాణం నిజంగా పోయిందో లేదో చూసుకునే ఆఖరి అవకాశం ఇదేనని పెద్దలు చెబుతారు. శ్మశానంలో కర్త నీళ్లకుండ భుజాన పెట్టుకుని చితి చుట్టూ తిరుగుతాడు. ఒక్కో చుట్టుకూ వెనక నుంచి కుండకు ఒక చిల్లు పెడతారు. చివరికి కుండను వెనక్కి పడేసి, తిరిగి చూడకుండా నిప్పు పెడతాడు.

కట్టెల చితికి పెద్దవాళ్ల శరీరమైతే సుమారు 300 నుంచి 500 కిలోల కట్టె పడుతుంది. కట్టె పచ్చిగా ఉన్నా, వానకు తడిసినా ఎముకలు సరిగా కాలవు. అది మర్నాడు చూస్తేనే తెలిసిపోతుంది. బాగా కాలిన ఎముక తెల్లగా, పెళుసుగా ఉంటుంది. లోపలి సేంద్రియ పదార్థం మిగిలిపోతే నల్లగా, బూడిద రంగులో ఉంటుంది.

అందరూ దహనం చేయరన్నది కూడా గుర్తుంచుకోవాలి. జంగాలు, లింగాయతులు, ఇంకా ఎన్నో కులాలవారు ఖననం చేస్తారు. పసిపిల్లలను, సన్యాసులను సాధారణంగా పూడ్చడమే పద్ధతి. ఆ ఇళ్లలో అస్థికల ప్రశ్నే రాదు, మిగతా దినాలు మాత్రం జరుగుతాయి.

సంచయనం: ఎముకలు ఏరే రోజు

చితి చల్లారడానికి కనీసం ఒక రోజు పడుతుంది. అందుకే సంచయనం దహనం మర్నాడో మూడో రోజో పెట్టుకుంటారు. చాలా కుటుంబాల్లో చిన్నకర్మ అనే మూడో రోజు కార్యక్రమం దీనితోనే ముడిపడి ఉంటుంది. ఇది దహనం నుంచి లెక్కించే పని కాబట్టి మన ఉదాహరణలో దహనమైన శుక్రవారం వెంటనే వచ్చే ఆదివారం చేస్తారు.

ముందు పాలు, నీళ్లు చిలకరించి నిప్పును పూర్తిగా ఆర్పుతారు. తర్వాత కర్త ఎముకలు ఏరతాడు. ఆశ్వలాయన గృహ్యసూత్రం ఈ పనిని చాలా వివరంగా చెప్పింది. బొటనవేలు, ఉంగరపు వేలు మాత్రమే వాడాలి. ఒక్కో ఎముకనూ చప్పుడు కాకుండా కుండలో వేయాలి. పాదాల దగ్గర మొదలుపెట్టి తల దగ్గర ముగించాలి. ఈ క్రమం వల్ల కుండలో పాదాలు అడుగున, తల పైన ఉంటాయి. అంటే మనిషి నిలబడిన వరుసలోనే ఎముకలు చేరతాయి. ఇప్పటికీ పురోహితులు కాళ్లు, తొడలు, నడుము, ఛాతీ, చేతులు, తల అని చెబుతూ తలా ఒక ముక్క తీయిస్తారు. మిగిలిన బూడిదను కుప్ప చేస్తారు, లేదా దగ్గరి నీటిలో కలుపుతారు.

కట్టెల చితిలో మిగిలే బూడిదలో ఎక్కువ భాగం కట్టెదే. మనిషికి సంబంధించి మిగిలేది ఎముకలోని ఖనిజం, ముఖ్యంగా కాల్షియం ఫాస్ఫేట్. అందుకే సంప్రదాయం బూడిదను కాక ఎముకలను పట్టించుకుంది. విద్యుత్, గ్యాస్ శ్మశానాల్లో కట్టె ఉండదు కాబట్టి ట్రేలో వచ్చేదంతా దాదాపు ఎముకే. అమెరికా, బ్రిటన్ వంటి దేశాల్లో ఇంకో మెట్టు ఉంది. కాలిన ఎముకలను యంత్రంలో పొడి చేసి, సుమారు రెండు మూడు కిలోల పొడిగా డబ్బాలో ఇస్తారు. పాదాల నుంచి తల దాకా ఏరే క్రమం అక్కడ కుదరదు. అలాంటప్పుడు పొడిలోంచి కొంచెం తీసి, మంత్రం చెప్పి కుండలోకి మార్చడంతో సరిపెడుతున్నారు.

అస్థికల కుండను ఇంట్లోకి తేరు. నదికి వెళ్లేదాకా శ్మశానంలోనో, చెట్టుకు కట్టో ఉంచుతారు. పట్టణాల్లో కొన్ని శ్మశానాల్లో లాకర్లు కూడా వచ్చాయి. 2021లో కోవిడ్ రెండో వేవ్ సమయంలో తీసుకెళ్లేవారు రాక దేశమంతటా శ్మశానాల్లో అస్థికల సంచులు పేరుకుపోయాయి.

మైల ఎన్ని రోజులు?

మైల మొత్తం కుటుంబానికి సంబంధించిన కాలం. గుడికి వెళ్లరు, ఇంట్లో దీపారాధన ఉండదు, శుభకార్యాలకు పోరు. మనుస్మృతి వర్ణాన్ని బట్టి 10, 12, 15, 30 రోజులు అని చెప్పింది. ఆచరణలో ఈ తేడాలు చాలావరకు చెరిగిపోయి, ఎక్కువమంది పది పదకొండు రోజుల దగ్గర స్థిరపడ్డారు. పెద్దకర్మను పదకొండో రోజు చేసేవాళ్లున్నారు. తొమ్మిది, పదమూడు, పదహారు రోజులకు చేసే కుటుంబాలూ ఉన్నాయి. ఇది ఎక్కువగా కులాచారం, ప్రాంతాచారం. పక్కింటివాళ్ల లెక్క మనకు కుదరాలని లేదు.

పది రోజుల మైల పట్టేది ఏడు తరాల లోపు దాయాదులకు. పెళ్లయిన ఆడపిల్లకు గోత్రం మారుతుంది కాబట్టి తల్లిదండ్రులు పోతే మూడు రోజులే. ఆలస్యంగా తెలిసినవాళ్ల సంగతి మనుస్మృతిలో స్పష్టంగా ఉంది. పది రోజుల లోపు తెలిస్తే మిగిలిన రోజులే మైల. పది దాటాక తెలిస్తే మూడు రాత్రులు. ఏడాది దాటితే స్నానం చేస్తే చాలు. కొడుకు విషయంలో మాత్రం వ్యాఖ్యాతలు సడలింపు ఇవ్వలేదు. తల్లిదండ్రుల మరణవార్త ఎంత దూరంలో, ఎంత ఆలస్యంగా విన్నా, విన్న రోజు నుంచి పది రోజులు పాటించాలన్నారు. ఫోన్లున్న ఈ కాలంలో వార్త గంటలోపే తెలుస్తుంది కనుక ఆ ఇబ్బంది పెద్దగా రాదు. మొదటి మైల నడుస్తుండగానే ఇంకో మరణం జరిగితే, మొదటిదానితోనే రెండోదీ తీరిపోతుందన్నది సాధారణ సూత్రం. తల్లిదండ్రులిద్దరూ వెంటవెంటనే పోయిన సందర్భంలో దీనికి మినహాయింపులున్నాయి, పురోహితుణ్ణి అడగాల్సిందే.

ఇక మన బుధ-శుక్రవారాల చిక్కు. పాత నియమం ఇలా ఉంది: నిత్యం అగ్నిహోత్రం చేసే ఆహితాగ్నికి దహనం రోజు నుంచి లెక్క, మిగతా అందరికీ మరణించిన రోజు నుంచి లెక్క. ఈ రోజుల్లో ఆహితాగ్నులు అరుదు. కాబట్టి సూత్రప్రకారం ఆ కుటుంబానికి పదో రోజు వచ్చే శుక్రవారమే. కొడుకు రావడానికి ముందు పడాల్సిన పిండాలను దహనం తర్వాత కలిపి పెట్టించి, లెక్కను సర్దుతారు. అయితే దహనంతోనే కర్మ మొదలవుతుందన్న వాదనతో కొందరు పురోహితులు దహనం జరిగిన శుక్రవారాన్నే మొదటి రోజుగా పెడతారు. గొడవ వచ్చేది రెండు లెక్కలు కలిసినప్పుడే. మైల ఒకరి లెక్కలో, కర్మ ఇంకొకరి లెక్కలో నడిస్తే దాయాదులు ఒక రోజు, కర్త ఇంకో రోజు శుద్ధి స్నానం చేయాల్సి వస్తుంది. కార్డులు వేయించే ముందు, మైల దేని నుంచి, కర్మ దేని నుంచి అని పురోహితుణ్ణి రెండు విడివిడి ప్రశ్నలుగా అడగడం మేలు.

పది పిండాలు, పన్నెండో రోజు

ఈ పది రోజులూ కర్త పెట్టే పిండాల వెనక ఒక స్పష్టమైన ఊహ ఉంది. దహనంతో పాత శరీరం పోయింది. ప్రేతకు ప్రయాణం చేయడానికి ఇంకో శరీరం కావాలి. దాన్ని రోజుకో పిండంతో కడతారు. గరుడపురాణం లెక్కలో మొదటి రోజు తల, రెండో రోజు మెడ, భుజాలు, మూడో రోజు గుండె, అలా కిందికి వస్తూ తొమ్మిదో రోజుకు పాదాలు ఏర్పడతాయి. పదో రోజు ఆకలిదప్పులు పుడతాయి. పుస్తకాన్ని బట్టి అవయవాల వరుస కొంచెం మారుతుంది. సంచయనంలో ఎముకలను పాదాల నుంచి తలకు ఏరారు, ఇక్కడ శరీరం తల నుంచి పాదాలకు కట్టబడుతోంది.

ఆకలిదప్పులు పుట్టాయి కాబట్టే పదో రోజున నీళ్లకు అంత ప్రాధాన్యం. బంధువులంతా చెరువుగట్టుకో, నది ఒడ్డుకో వెళ్లి ధర్మోదకాలు విడుస్తారు. కాకికి పిండం పెట్టేదీ అక్కడే. కాకి ముట్టకపోతే పోయినవాళ్ల కోరిక ఏదో మిగిలిపోయిందని, దగ్గరివాళ్లు ఒక్కొక్కరే వచ్చి మాట ఇవ్వడం పల్లెల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. నగరాల్లో కాకులు రాని చోట ఆవుకు పెడుతున్నారు, లేదా నీటిలో విడుస్తున్నారు.

పదకొండో రోజుతో మైల తీరుతుంది. అసలు మలుపు పన్నెండో రోజు జరిగే సపిండీకరణం. ప్రేత కోసం పెట్టిన పొడవాటి పిండాన్ని మూడు ముక్కలు చేసి, పోయిన వ్యక్తి తండ్రి, తాత, ముత్తాతల పిండాల్లో కలిపేస్తారు. అప్పటిదాకా ఒంటరిగా ఉన్న ప్రేత ఆ క్షణం నుంచి పితృదేవత. ఆ వరుసలో అందరికన్నా పైనున్న ముత్తాత ఇక ముందు పిండం అందుకునే ముగ్గురిలో ఉండడు.

అసలు ఇది ఏడాది చివర చేయాల్సిన పని. మనిషి ఆయుష్షుకు భరోసా లేదని, కర్త మధ్యలోనే పోతే తండ్రి ప్రేతగానే మిగిలిపోతాడని, పన్నెండో రోజుకు తెచ్చారు. ఏడాది పొడవునా చేయాల్సిన పదహారు శ్రాద్ధాలు సపిండీకరణానికి ముందే పూర్తికావాలి కనుక వాటిని కూడా ముందుకు జరిపి గుంపుగా చేయిస్తారు. మళ్లీ నెలనెలా మాసికాలు ఎందుకని అడిగేవారికి జవాబు ఇదే. ముందుగా చేసింది నియమం తీర్చడానికి, తర్వాత చేసేది అసలు సమయంలో. ఏడాది తిరిగాక సంవత్సరీకం, ఆపైన ఏటా అదే తిథికి తద్దినం. ఆ మొదటి ఏడాది పండుగలు చేసుకోకపోవడాన్ని ఏటి సూతకం అంటారు. అది పది రోజుల మైల లాంటిది కాదు, రోజువారీ పూజకు అడ్డు లేదని చాలామంది పండితులు చెబుతారు.

నదికి ఎందుకు?

ఆశ్వలాయన గృహ్యసూత్రంలో ఎముకలు ఏరాక ఏం చేయమన్నారో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. అన్నివైపుల నుంచీ నీరు వచ్చి చేరని చోట గొయ్యి తీసి, కుండను అందులో దించి, మట్టి కప్పి, మూత పెట్టమంటుంది. అక్కడ చదివే ఋగ్వేద మంత్రం చనిపోయినవాడిని తల్లి అయిన భూమి దగ్గరికి చేరమని చెబుతుంది. నీరు చేరని చోటు వెతకమన్నారంటే, ఇప్పటి పద్ధతికి అది దాదాపు ఎదురు దిశ.

మార్పు పురాణాల కాలంలో వచ్చింది. దానికి ఆధారమైన కథ అందరికీ తెలిసిందే. సగరుడి అరవై వేల మంది కొడుకులు కపిల మహర్షి చూపుకు బూడిదయ్యారు. కర్మ చేసేవాళ్లు లేక అలాగే ఉండిపోయారు. భగీరథుడు గంగను దింపి ఆ బూడిద మీదుగా పారించాక వాళ్లు స్వర్గానికి వెళ్లారు. కథలో గంగే కదిలి వచ్చి బూడిదను చేరింది. మనుషులు అంత తపస్సు చేయలేరు కాబట్టి ఎముకలనే గంగ దగ్గరికి తీసుకెళ్లడం మొదలైంది. పది రోజుల లోపు ఎవరి ఎముకలు గంగలో పడతాయో వారికి గంగ ఒడ్డున మరణించిన ఫలం వస్తుందని శ్లోకం పుట్టింది. మనిషి ఎముక గంగలో ఎంతకాలం ఉంటే అన్ని వేల ఏళ్లు స్వర్గంలో ఉంటాడని ఇంకో మాట.

ఈ రెండో మాటను కాస్త నిదానంగా చూడాలి. ఎముక కొట్టుకుపోయి సముద్రంలో కలవాలని అది అనడం లేదు. గంగలో ఉండాలంటోంది. అంటే పురాణాల దృష్టిలో అసలు కారణం నీటి వేగం కాదు, నది పవిత్రత. పారే నీరు పంచభూతాల్లో కలిపేస్తుంది, సముద్రానికి చేరుస్తుంది అన్న వివరణ చాలామంది నోట వినిపిస్తుంది, అర్థవంతంగానూ ఉంటుంది. కానీ అది ఆచారానికి తర్వాత చేరిన భావంగానే కనిపిస్తుంది.

అయినా చెరువులో, బావిలో కలపకపోవడానికి గట్టి కారణం ఉంది. కట్టె బూడిదలోని క్షారాలు నీటిలో తేలిగ్గా కరుగుతాయి, సన్నని బూడిద తేలుతూ కొట్టుకుపోతుంది. ఎముకలోని కాల్షియం ఫాస్ఫేట్ మామూలు నీటిలో కరగదనే చెప్పాలి, పైగా నీటికన్నా బరువు. అది మునుగుతుంది. చెరువులో వేస్తే వేసిన చోటే ఉంటుంది, ఎండాకాలంలో నీళ్లు తగ్గితే బయటపడుతుంది. ఆ చెరువే ఊరికి తాగునీరు కూడా అయి ఉండొచ్చు. మైల భావం అంత బలంగా ఉన్న సమాజంలో అది ఎవరికీ నచ్చదు. వరద వచ్చే నదిలోనైతే ఎముక ముక్కలు ఇసుకలో దొర్లుతూ, అరుగుతూ ఏటేటా కిందికి జరుగుతాయి.

గోదావరి సంగతి

తెలుగువాళ్లకు గంగ దూరం. ఆ లోటును గోదావరి తీర్చింది. గౌతముడి తపస్సుతో వచ్చిన నది కనుక గౌతమి అని, దక్షిణ గంగ అని పిలుచుకున్నారు. బాసర, ధర్మపురి, భద్రాచలం, రాజమహేంద్రవరం, నది సముద్రంలో కలిసే అంతర్వేది, అన్నీ నిమజ్జనానికి వెళ్లే చోట్లే. కృష్ణా తీరంవాళ్లు బీచుపల్లికో, శ్రీశైలం పాతాళగంగకో, విజయవాడకో వెళతారు. కొందరు కొంత భాగం ఇక్కడ కలిపి, మిగతాది కాశీకో ప్రయాగకో తీసుకెళతారు. అలా పంచడానికి అభ్యంతరం లేదు.

అయితే ఈ రేవుల్లో చాలాచోట్ల నీరు ఇప్పుడు అనుకున్నంతగా పారదు. రాజమహేంద్రవరం రేవులకు కొద్ది కిలోమీటర్ల దిగువన ధవళేశ్వరం బ్యారేజీ ఉంది. దాని వెనక నిలిచిన నీరే ఆ రేవుల దగ్గర నిండుగా కనిపించేది. వరద రోజులు పోతే అక్కడ ప్రవాహం బాగా తక్కువ. విజయవాడలో ప్రకాశం బ్యారేజీ ఎగువన కూడా అంతే, దిగువన ఎండాకాలంలో ఇసుకే ఎక్కువ. మెట్ల దగ్గరే కుండ వదిలేస్తే ఎముకలు ఆ మెట్ల కిందే పేరుకుంటాయి. తర్వాతివాళ్లు స్నానానికి దిగేది అక్కడే. పడవ మాట్లాడుకుని నడిమి పాయలోకి వెళ్లి కలపడం ఇందుకే మంచిది. మట్టికుండలోంచి ఎముకలను నీటిలోకి వంచితే చాలు. ప్లాస్టిక్ సంచులు, దండలు, బట్టలు నదికి ఇవ్వమని ఏ శాస్త్రమూ చెప్పలేదు, పైగా రేవులను పాడుచేసేది ఎక్కువగా అవే.

మన ఉదాహరణలోని కుటుంబం ఆదివారం సంచయనం చేసి అదే రోజు గోదావరిలో కలిపితే పది రోజుల లోపే పని అయిపోతుంది. అది కుదరకపోయినా పదో రోజు కర్మగానీ, సపిండీకరణంగానీ ఆగవు. అస్థికలు నదికి చేరడం వాటికి ముందు షరతు కాదు. పది రోజులు దాటితే ఏడాది లోపు ఎప్పుడైనా, అదీ కుదరకపోతే ఆ తర్వాతైనా, తీర్థశ్రాద్ధంతో కలిపి చేయిస్తారు.

విదేశాల్లో ఉన్నవాళ్లకు నియమాలు మారతాయి. అస్థికలను విమానంలో తెచ్చేటప్పుడు మరణ ధ్రువపత్రం, దహనం చేసినట్టు శ్మశానం ఇచ్చిన పత్రం దగ్గర ఉండాలి. డబ్బా లోహంతో చేసినదైతే ఎక్స్‌రేలో లోపలిది కనిపించక ఆపేస్తారు, చెక్కదో ప్లాస్టిక్‌దో మేలు. ఇండియాకు రావడం కుదరక అమెరికాలోనే సముద్రంలో కలిపేవారు తీరానికి కనీసం మూడు నాటికల్ మైళ్లు లోపలికి వెళ్లాలి. 30 రోజుల లోపు అక్కడి పర్యావరణ సంస్థకు తెలియజేయాలి. నదులు, సరస్సుల నియమాలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. బ్రిటన్‌లో లెస్టర్‌షైర్‌లోని సోర్ నది మీద హిందువులు, సిక్కులు అస్థికలు కలిపే చోటు ఒకటి ఉంది. గంగాజలం కొంచెం వేసి ఆ నీటినే గంగగా సంకల్పంలో చెప్పుకోవడం అలాంటి చోట్ల పురోహితులు అనుసరిస్తున్న దారి.